ఫైల్లో చల్లగా ఉన్న గోడ

కొత్తగా కట్టిన ఏసీ ఆఫీసులో మే నెల సాయంత్రం పడమటి గోడకు చేయి ఆనించి నడిస్తే, రెండు పిల్లర్ల మధ్య గోరువెచ్చగా తగిలిన గోడ పిల్లరు దగ్గరికి వచ్చేసరికి వేడెక్కుతుంది. కిటికీ పైన బీము వెంబడీ అదే తీరు. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా పెడితే కాంక్రీటు చట్రం మొత్తం ఎక్స్‌రేలో ఎముకల్లా బయటపడుతుంది. ఆ భవనం అనుమతి ఫైలు తెరిస్తే మాత్రం గోడకు ఒకే ఒక్క అంకె ఉంటుంది, అది కోడ్ పరిమితికి లోబడే ఉంటుంది. గోడ అలా, అంకె ఇలా ఎందుకున్నాయని ఈ సంపాదకీయం అడుగుతోంది. దాదాపు ప్రతిసారీ ఇందులో మోసం ఉండదు. గోడలో అన్నిటికన్నా మంచి చోటును ఎంచి లెక్క వేయడం, ఆ లెక్కనే గోడ మొత్తానికి అంటగట్టడం ఇక్కడ జరిగే పని. మన డిజైన్ ఆఫీసులకు అది అలవాటైపోయింది. తనిఖీ చేసేవారికీ అంతే.

వాణిజ్య భవనాలకు మన దేశంలో ఇంధన పొదుపు నిర్మాణ కోడ్, అంటే ఈసీబీసీ, 2007లో వచ్చింది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2017లో దాన్ని తిరగరాసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విభజనకు కొద్ది నెలల ముందే, 2014 జనవరిలో, తన సొంత రూపంలో ఈ కోడ్‌ను నోటిఫై చేసింది. అంటే ఈ విషయంలో తెలుగు నేల వెనకబడిందేమీ లేదు. 2024లో సుస్థిరతను కూడా కలుపుకొని మరో కోడ్ వచ్చింది. ఏ సంచిక అమల్లో ఉన్నా గోడకూ కప్పుకూ లెక్క వేసే పద్ధతి మారదు కాబట్టి, ఎక్కువమంది చేతుల్లో తిరిగిన 2017 అంకెలతోనే మాట్లాడుకుందాం.

ఆ కోడ్ గోడనూ కప్పునూ యూ విలువతో కొలుస్తుంది. లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు గోడలోంచి ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చెప్పేదే యూ విలువ. అది ఎంత తక్కువైతే అంత మేలు. హైదరాబాద్ కోడ్ లెక్కలో కాంపోజిట్ వాతావరణ మండలంలో ఉంది. అక్కడ పదివేల చదరపు మీటర్లు దాటిన ఆఫీసు భవనానికి కప్పు యూ విలువ 0.33, గోడ యూ విలువ 0.40 మించకూడదు. విజయవాడ, విశాఖ వేడి-తేమ మండలంలోకి వచ్చినా ఈ రెండు అంకెలూ అవే.

అంకెను చూపించడానికి డిజైనర్ చేయాల్సింది హైస్కూలు లెక్క. గోడలోని ఒక్కో పొర మందాన్ని మీటర్లలో తీసుకుని ఆ పదార్థపు ఉష్ణవాహకతతో భాగిస్తే ఆ పొర ఇచ్చే ఉష్ణనిరోధం వస్తుంది. పొరలన్నిటినీ కూడాలి. గోడకు లోపలా బయటా అంటిపెట్టుకుని ఉండే పలుచని గాలిపొరలకు కోడ్ ఇచ్చిన విలువలను కూడా చేర్చాలి. వచ్చిన మొత్తంతో ఒకటిని భాగిస్తే యూ విలువ. సాఫ్ట్‌వేర్ అవసరం లేదు, పాకెట్ కాలిక్యులేటర్ చాలు. దాచడానికేమీ లేని ఇంత తేలిక లెక్కలోనే చిక్కంతా ఉంది.

ముందు కప్పు చూద్దాం. ఉదాహరణకు 150 మిల్లీమీటర్ల ఆర్‌సీసీ శ్లాబు, కింద 12 మి.మీ. ప్లాస్టరింగ్, పైన వాలు కోసం సగటున 50 మి.మీ. సిమెంటు మోర్టారు అనుకుందాం. ఆర్‌సీసీ ఉష్ణవాహకత 1.58. కాబట్టి శ్లాబు ఇచ్చే నిరోధం 0.095 మాత్రమే. మోర్టారు 0.069, ప్లాస్టరింగ్ 0.017 ఇస్తాయి. వేడి పైనుంచి కిందికి వచ్చే కప్పుకు లోపలి గాలిపొర 0.17, బయటిది 0.04. మొత్తం 0.391, యూ విలువ 2.56. పరిమితికి దాదాపు ఎనిమిది రెట్లు. అడుగు మందం శ్లాబు వేసినా ఈ లెక్కలో పెద్దగా మారేదేమీ ఉండదు, కాంక్రీటుకు వేడిని ఆపే గుణం అంత తక్కువ. 0.33 చేరాలంటే మొత్తం నిరోధం 3.03 కావాలి. లోటు 2.64 అంతా ఇన్సులేషన్ నుంచే రావాలి.

ఎక్స్‌పీఎస్ బోర్డు వేద్దామనుకుందాం. దాని ఉష్ణవాహకత 0.032 అని తీసుకుంటే 85 మి.మీ. కావాలి. అప్పుడు యూ విలువ 0.328, గట్టెక్కుతాం. కానీ బజారులో సులువుగా దొరికేవి 25, 50, 75 మి.మీ. బోర్డులు. 75 వేస్తే 0.366 వస్తుంది, తప్పుతాం. రెండు పొరలుగా 50, 50 వేస్తే 0.284తో హాయిగా దాటేస్తాం, కానీ ఖర్చు పెరుగుతుంది. ఈ దశలోనే ఎవరో ఒకరు కంపెనీ బ్రోచర్ బయటికి తీస్తారు. అందులో ఉష్ణవాహకత 0.028 అని ఉంటుంది. ఆ అంకె వేస్తే 75 మి.మీ. బోర్డుకు యూ విలువ 0.326 వచ్చేస్తుంది. బోర్డు అదే, మందం అదే. మూడో దశాంశంలో నాలుగు తగ్గింది, ఫెయిలైన కప్పు పాసైంది.

బ్రోచర్ అబద్ధమని చెప్పడం లేదు. అది ఏ పరిస్థితిలో నిజమో చూడాలని చెబుతున్నాం. నురగ బోర్డుల కణాల్లో తయారీ సమయంలో చిక్కుకున్న వాయువు కొంతకాలానికి బయటికి పోయి, ఆ చోట గాలి చేరుతుంది. దాంతో ఉష్ణవాహకత పెరుగుతుంది. ఫ్యాక్టరీలోంచి వచ్చిన రోజు కొలిచిన అంకెకూ కొన్నేళ్లు పాతబడ్డాక ఉండే అంకెకూ తేడా అందువల్లే. పరీక్ష ఏ ఉష్ణోగ్రత దగ్గర జరిగిందన్నది రెండో ప్రశ్న. యూరప్ పద్ధతిలో సగటు 10 డిగ్రీల దగ్గర కొలవడం మామూలు. అమెరికా పద్ధతిలో 24 డిగ్రీల దగ్గర కొలుస్తారు. ఏప్రిల్ మధ్యాహ్నం మన మిద్దె మీద బోర్డు ఉండే వేడి ఈ రెంటికన్నా చాలా పైన. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఈ బోర్డుల ఉష్ణవాహకతా పెరుగుతుంది. పది డిగ్రీల దగ్గర, కొత్త బోర్డు మీద కొలిచిన అంకెతో హైదరాబాద్ కప్పును పాస్ చేయించడం లెక్కల తప్పు కాకపోవచ్చు. డిజైనర్ బాధ్యతలో మాత్రం అది తప్పే. పరీక్ష నివేదికలో సాంద్రత, సగటు ఉష్ణోగ్రత, నమూనా వయసు ఉన్నాయా లేవా అని అడిగే చెక్కర్ ఎంతమంది?

కప్పు కథ ఇక్కడితో సరిపెట్టుకోవచ్చు, ఎందుకంటే కప్పు చాలావరకు ఒకే ముక్క. పిట్టగోడ అంచుల్లో, ఏసీ యూనిట్లకు కట్టిన దిమ్మెల కింద ఇన్సులేషన్ తెగుతుంది, అది నిజమే. అయినా విస్తీర్ణంలో అది కొంచెమే. పైకప్పుకు కోడ్ మరో షరతు పెట్టింది. సోలార్ పలకలు, తోట, యంత్రాలు లేని చదును కప్పు ఎండను కనీసం 0.60 వంతు తిప్పికొట్టేలా ఉండాలి, గ్రహించిన వేడిని బయటికి వదిలే గుణం 0.90 ఉండాలి. యూ విలువకు రంగుతో పని లేదు కాబట్టి ఈ షరతు విడిగా పెట్టారు. తెల్ల పెంకులు పరిచేశాం కదా, ఇన్సులేషన్ తగ్గించుకోవచ్చా అని అడిగేవారికి సమాధానం కూడా అదే. రెండూ కావాలి, ఒకదాని బదులు ఇంకొకటి చెల్లదు.

అసలు అభియోగం గోడ మీద. మన ఊళ్లలో ఆఫీసు భవనమంటే ఆర్‌సీసీ చట్రం, మధ్యలో బ్లాకుల గోడ. 200 మి.మీ. ఏఏసీ బ్లాకు, రెండు వైపులా కలిపి 32 మి.మీ. ప్లాస్టరింగ్ అనుకుందాం. ఏఏసీ ఉష్ణవాహకత 0.184 తీసుకుంటే బ్లాకు ఇచ్చే నిరోధం 1.087. ప్లాస్టరింగ్ 0.044, గాలిపొరలు రెండూ కలిపి 0.17. మొత్తం 1.301, యూ విలువ 0.77. ఏఏసీ కడితే చాలు, కోడ్ దాటేసినట్టే అన్న ప్రచారం ఎంత దూరం నిజమో ఇక్కడే తేలిపోతుంది. ఒక్క ఏఏసీతోనే 0.40 చేరాలంటే గోడ మందం 420 మి.మీ. కావాలి. అదెవరూ కట్టరు. కాబట్టి 40 మి.మీ. ఇన్సులేషన్ బోర్డు చేర్చారనుకుందాం. మొత్తం నిరోధం 2.551, యూ విలువ 0.392. పరిమితి 0.40. ఫైలు పాస్. చాలా ఫైళ్లలో గోడ లెక్క ఈ వాక్యంతోనే ముగుస్తుంది.

ఇప్పుడు ఆ గోడను ఎదురుగా నిలబడి చూద్దాం. రెండు పిల్లర్ల మధ్య దూరం 6 మీటర్లు, అంతస్తు ఎత్తు 3.6 మీటర్లు. అంటే ఒక్కో గడి 21.6 చదరపు మీటర్లు. పైన 600 మి.మీ. లోతు బీము వెళ్తుంది, దాని ముఖం 3.6 చదరపు మీటర్లు. 450 మి.మీ. వెడల్పు పిల్లరు ముఖం, బీము కింద మిగిలిన 3 మీటర్ల ఎత్తున, 1.35 చదరపు మీటర్లు. కాంక్రీటు మొత్తం 4.95. కిటికీలకు గడిలో 30 శాతం వదిలామనుకుంటే అది 6.48. మిగిలిన గోడ 15.12 చదరపు మీటర్లు. అందులో బ్లాకు కట్టింది 10.17, మిగతాదంతా కాంక్రీటు. అంటే గోడలో మూడో వంతు.

చాలామంది ఈ భాగాన్ని అయిదో పదో శాతమని కొట్టిపారేస్తారు. కిటికీ ఎప్పుడూ బ్లాకు గోడ చోటునే తినేస్తుంది, పిల్లరు చోటును ఎప్పుడూ తినదు. అందుకే కిటికీలు పెరిగేకొద్దీ మిగిలిన గోడలో కాంక్రీటు వాటా పెరుగుతూ పోతుంది. అద్దాలు ఎక్కువగా ఉన్న భవనానికి గోడ లెక్క ఇంకా జాగ్రత్తగా వేయాలి. మన దగ్గర జరిగేది దానికి తలకిందులు. అద్దాల లెక్క మీద అందరికీ శ్రద్ధ, మిగిలిన గోడను చివరికి ఒక వాక్యంలో ముగించడం.

230 మి.మీ. మందం కాంక్రీటు, రెండు వైపులా ప్లాస్టరింగ్, గాలిపొరలు కలిపి ఇచ్చే నిరోధం 0.36. యూ విలువ 2.78. బోర్డును బ్లాకు గోడ లోపలి ముఖానికి పిల్లరుకూ పిల్లరుకూ మధ్య మాత్రమే అంటించారనుకుందాం, మన సైట్లలో ఎక్కువగా జరిగేది అదే. అప్పుడు గడి మొత్తం లెక్క ఇలా ఉంటుంది:

```
(10.17 × 0.392 + 4.95 × 2.78) ÷ 15.12 = 1.17
```

ఫైల్లో 0.392, గోడలో 1.17. మూడు రెట్లు. లోపలికీ బయటికీ పది డిగ్రీల తేడా ఉన్నప్పుడు ఈ ఒక్క గడిలోంచి 59 వాట్లు రావాల్సిన చోట 177 వాట్లు వస్తాయి. అందులో 138 వాట్లు ఆ మూడో వంతు కాంక్రీటులోంచే. ఎండ నేరుగా పడే పడమటి గోడ బయటి ముఖం గాలికన్నా చాలా వేడెక్కుతుంది కాబట్టి అక్కడ ఈ అంకెలు ఇంకా పైకి పోతాయి. కాంక్రీటును వదిలేసి బ్లాకు మందం మీద వాదించుకోవడం చిల్లు పడిన కుండకు అడుగు మందం కొలవడం లాంటిది.

కోడ్‌లో పిల్లర్లను కలపాలని ఎక్కడుందని డిజైనర్లు ఎదురు ప్రశ్న వేస్తారు. కోడ్ అడిగేది గోడ అసెంబ్లీ యూ విలువ, అందులోని ఒక బ్లాకు విలువ కాదు. అంతకన్నా గట్టి సమాధానం కోడ్‌లోనే ఉంది. అంకెకు అంకె సరిపోల్చే పద్ధతి కాకుండా, గోడలో కొంత తగ్గితే కప్పులోనో అద్దాల్లోనో పూడ్చుకునే ట్రేడ్-ఆఫ్ పద్ధతిని కోడ్ ఇచ్చింది. అందులో గోడకు వేసే లెక్క, ఒక్కో భాగం విస్తీర్ణాన్ని దాని యూ విలువతో గుణించి అన్నిటినీ కూడటమే. ఆ పద్ధతిలో కాంక్రీటును లెక్కలో వేసి, ఈ పద్ధతిలో వదిలేస్తే ఒకే గోడకు ఒకే కోడ్ కింద రెండు విలువలు వస్తాయి. అది కోడ్ రాసినవారి ఉద్దేశమని నమ్మేవారు ఎవరైనా ఉన్నారా?

దీనికి పరిష్కారం కొత్త పరిశోధన ఏమీ అడగదు. బోర్డును లోపలినుంచి తీసి బయటికి వేయాలి, పిల్లర్లనూ బీములనూ కప్పుకుంటూ తెగకుండా వేయాలి. అదే 40 మి.మీ. బోర్డును బయట ఆగకుండా వేస్తే పిల్లరు దగ్గర యూ విలువ 2.78 నుంచి 0.62కు పడిపోతుంది. గడి సగటు 0.467. ఇంకా పాస్ కాలేదు. 50 మి.మీ. వేస్తే 0.405. వెంట్రుకవాసిలో తప్పింది. 60 వేస్తే 0.358తో దాటుతుంది. పిల్లర్లు లేనట్టు లెక్క వేసిన ఫైలు 40 చాలంది, ఉన్నట్టు వేసిన లెక్క 60 అడుగుతోంది. ఈ తేడాకు ధర ఎంతన్నది యజమానికి డిజైన్ దశలోనే తెలియాల్సిన విషయం. దాన్ని దాచిపెట్టి, భవనం పూర్తయ్యాక కరెంటు బిల్లులో ఏళ్ల తరబడి కట్టించడం ఎవరి పక్షాన పనిచేసినట్టు?

0.405 దగ్గర ఆగిన డిజైనర్‌కూ దారి లేకపోలేదు. కప్పుకు రెండు పొరలు వేసి 0.284 తెచ్చుకున్నవాడు ట్రేడ్-ఆఫ్ పద్ధతిలో ఆ మిగులును గోడకు మళ్లించుకోవచ్చు. కప్పుకూ గోడకూ కోడ్ వేర్వేరు గుణకాలు ఇచ్చింది, వాటితో వేసిన మొత్తం ప్రామాణిక భవనపు మొత్తాన్ని మించకపోతే చాలు. ఏడాదిలోని 8,760 గంటలకూ భవనాన్ని కంప్యూటర్‌లో నడిపించి చూపే మూడో పద్ధతి కూడా ఉంది. పెద్ద ప్రాజెక్టులు దాన్ని ఇష్టపడతాయి. అక్కడా అదే జబ్బు: సాఫ్ట్‌వేర్‌లో గోడ అని గీసిన పెట్టెకు 0.392 అని ఇస్తే అది నమ్ముతుంది. పిల్లర్లు ఎక్కడని అది అడగదు.

సగటు తీసే ఈ పద్ధతి కూడా అసలు వేడికన్నా కొంచెం తక్కువే చూపిస్తుందని ఒప్పుకోవాలి. బయటికి పొడుచుకొచ్చే సన్‌షేడ్లు, బాల్కనీ శ్లాబులు బయటి బోర్డును చీల్చుకుంటూ పోతాయి. బోర్డును బిగించే లోహపు మేకులు కూడా అంతే. ఆ అంచుల్లో వేడి పక్కనుంచి కాంక్రీటులోకి ప్రవహిస్తుంది, ఈ తేలిక లెక్క దాన్ని పట్టుకోలేదు. సన్‌షేడును అడుగునా పైనా కూడా కొంత దూరం బోర్డుతో చుట్టడం, లేదా దాన్ని శ్లాబు నుంచి విడదీసి ఇనుప బ్రాకెట్ల మీద నిలపడం ఇంజినీర్లకు తెలిసిన పనులే. డ్రాయింగుల్లో మాత్రం అవి అరుదు.

తనిఖీ విషయానికి వద్దాం. పదార్థాల పేర్లు, మందాలు, సాంద్రత, ఉష్ణవాహకత అన్నీ డ్రాయింగుల్లో చూపాలని కోడ్ అడుగుతుంది. ఫైలుతో వచ్చే పత్రాల్లో అవి ఉంటాయి కూడా. లోపం ఎక్కడంటే, గోడ సెక్షన్ గీసే గీత ఎప్పుడూ కిటికీ పక్కన బ్లాకు గోడ మధ్యలోంచి పోతుంది. పిల్లరు మీదుగా గీసిన అడ్డు సెక్షన్ కోసం వెతకాలి, చాలాసార్లు దొరకదు. దొరికినా అందులో బోర్డు పిల్లరు అంచున ఆగిపోయి ఉంటుంది, లెక్క కాగితంలో ఆ పిల్లరు ఊసే ఉండదు. రెండు కాగితాలూ ఒకే కట్టలో ఉంటాయి, వాటిని పక్కపక్కన పెట్టి చూసినవారు లేరు. దీనికి ఇంజినీరింగ్ పట్టా అక్కర్లేదు. గోడ విస్తీర్ణాల పట్టికలో బ్లాకు ఎంత, కాంక్రీటు ఎంత అని రెండు వరుసలు అడిగితే చాలు. ఆ పట్టిక లేకుండా వచ్చిన ఫైలును వెనక్కి పంపే నిబంధనకు ఒక్క సర్క్యులర్ సరిపోతుంది.

ఆ తర్వాత సైటు. డ్రాయింగులో బోర్డు బయట ఉంది, టెండరులో లోపలికి వచ్చింది, సైటులో పిల్లర్ల దగ్గర తెగింది. ఈ మూడు మార్పులూ ప్లాస్టరింగ్ కింద, పెంకుల కింద కప్పబడిపోతాయి. గోడ పూర్తయ్యాక ఎవరైనా కొలవాలంటే హీట్ ఫ్లక్స్ మీటరును రోజుల తరబడి గోడకు అంటించి ఉంచాలి. ఏసీ నడుస్తున్న భవనంలో సాయంత్రం వేళ ఇన్‌ఫ్రారెడ్ కెమెరా అంకె చెప్పలేకపోయినా చట్రం ఎక్కడ తెరిచి ఉందో చూపిస్తుంది. కానీ అప్పటికి సరిదిద్దడం అంటే ప్లాస్టరింగ్ ఊడగొట్టడమే. అందుకే చూడాల్సిన సమయం ప్లాస్టరింగ్‌కు ముందు. బోర్డు మీద పెట్టిన స్కేలు కనిపించేలా, పిల్లరు దగ్గర ఒకటి, బీము దగ్గర ఒకటి, సన్‌షేడు దగ్గర ఒకటి, మిద్దె మీద పెంకుల కింద ఒకటి ఫోటోలు తీసి, కొన్న బోర్డు మందం, సాంద్రత చూపే బిల్లుతో కలిపి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దరఖాస్తుకు జతచేయాలి. ఆ నాలుగు ఫోటోలు లేని దరఖాస్తుపై, లెక్క కాగితంలో యూ విలువ ఎంత రాసి ఉన్నా, సంతకం పెట్టకూడదు.